తలుపు మీద మిగిలిన నంబరు

మా వదిన నంబరు మీద చెయ్యి వేసినవాడు ఎక్కడ ఉంటాడో, ఎలా ఉంటాడో నాకు తెలియదు. గొంతు మాత్రం తెలుసు. ఆ గొంతు మళ్లీ ఎక్కడైనా వినిపిస్తే, ట్యాంకర్ నడిరోడ్డు మీద వదిలేసైనా సరే దిగి వెళ్లి వాడి చొక్కా పట్టుకుంటాను. వదిన వద్దన్నా ఆగను. అయినా ఆవిడ వద్దంటుందని నేననుకోను.

మాది నీళ్ల వ్యాపారం. ఊరి చివర ఒక బోరు, పక్కన రేకుల షెడ్డు, ఒకే ఒక్క ట్యాంకర్. ట్యాంకర్ నేను నడుపుతాను, ఊరిని వదిన నడుపుతుంది. ఎండాకాలం కుళాయిలు ఎండిపోతే ఈ వీధుల్లో జనం దేవుణ్ని తలుచుకోరు, మా వదినకు ఫోన్ కొడతారు. షెడ్డు రేకు తలుపుకు నల్లరంగు వేయించి పెట్టింది. ఫోన్‌లో ఎవరేం చెప్పినా సుద్దముక్కతో ఆ తలుపు మీద రాయడమే. వీధి, ఇల్లు, సంపు ఎక్కడుంది, కుక్క ఉందా లేదా. లోడు చేరిందని నేను వచ్చి చెప్పాక తడిగుడ్డతో తుడిచేస్తుంది. చేరేదాకా తుడవదు. 'నీళ్లు పడ్డాయా' అని ఆ ఇంటివాళ్లను అడిగి మరీ తుడుస్తుంది, నా మాట మీద ఆవిడకు అంత నమ్మకం!

ఆ నంబరు మా అన్నయ్యది. ట్యాంకర్ కొన్న రోజున వెనకవైపు తన చేత్తోనే తెల్లరంగుతో రాసుకున్నాడు. ఆఖరి అంకెకు చోటు చాలక కాస్త కిందికి జారింది. ఆయన పోయాక వదిన ఆ ఫోన్ చేతిలోకి తీసుకుంది, ట్యాంకర్ బండి ఆగలేదు. నా నంబరు మాత్రం ఎవరికీ ఇవ్వనివ్వలేదు. 'స్టీరింగ్ పట్టుకున్నవాడు ఆర్డర్లు తీసుకుంటే బండి కాలవలోకే' అనేది. అందుకని ఊరందరికీ ఒక్కటే నంబరు, గోడల మీద, సంపు మూతల మీద, జనం నోళ్లలో.

ఆ నంబరుతో పాటు ఒక భయం కూడా వదినకు వచ్చింది. సిమ్ అప్పటికింకా అన్నయ్య పేరు మీదే ఉంది. పేరు మార్పించుకుందామని వెళ్తే, చనిపోయిన మనిషి పేరు మీద ఇన్నాళ్లు ఎలా వాడావని నంబరు లాగేసుకుంటారేమోనని ఆవిడ అనుమానం. ఆ మాట ఎత్తితే చాలు, 'నోరు ముయ్యవయ్యా మరిదీ, గోడలకు చెవులుంటాయి' అని నన్ను కసిరేది. నంబరు పోతే ట్యాంకర్ ఎందుకు, బోరు ఎందుకు? ఇనుప సామాను కిందకు అమ్ముకోవాలి.

సరిగ్గా ఆ భయం మీదే కొట్టాడు వాడు.

ఆ రోజు నేను డయాలసిస్ సెంటర్‌కు పొద్దున్న లోడు పోసి, రెండో లోడుకు బయల్దేరాను. డయాలసిస్ సెంటరంటే కిడ్నీలు పాడైనవాళ్ల రక్తాన్ని మిషన్లో శుభ్రం చేసే చోటు. ఆ మిషన్లకు నీళ్లు ఆగకూడదు. వదిన ఏ ఇంటి వాళ్లనైనా బతిమాలించుకుంటుంది కానీ, తలుపు మీద మొదటి వరస ఎప్పుడూ వాళ్లదే.

అప్పుడు మోగిందట ఫోను. ఎత్తితే మనిషి కాదు, రికార్డు చేసిన ఆడగొంతు. 'మీ గుర్తింపు వివరాలు ధ్రువీకరణ కాలేదు. మీ మొబైల్ నంబరు ఈ రోజే నిలిపివేయబడుతుంది. అధికారితో మాట్లాడటానికి తొమ్మిది నొక్కండి.' వదిన 'దొరికిపోయాను' అనుకుంది తప్ప, ఇది దొంగ ఫోనని ఆవిడకు తట్టలేదు. తొమ్మిది నొక్కింది.

ఈసారి మగగొంతు. మర్యాద అంటే మర్యాద! "అమ్మా, సిమ్ ఎవరి పేరు మీద ఉంది?"

"మా ఆయన పేరు మీదండీ."

"ఆయనకు ఇవ్వండి ఒకసారి."

వదిన నోట మాట రాలేదు. ఆ మౌనంలోనే వాడికి అంతా అర్థమైపోయి ఉంటుంది, దొంగ వెధవకి. మెల్లగా ఒక్కో మాటా లాగాడు. ఆయన లేరని, తానే వాడుతున్నానని, నంబరు పోతే బతుకు పోతుందని అన్నీ చెప్పేసింది. "ఏడవకండమ్మా, నేనున్నాను కదా. ఒక కోడ్ చెబుతాను, రాసుకోండి. ఫోన్ పెట్టేసి ఆ కోడ్ కొట్టండి. మీ వెరిఫికేషన్ అయిపోతుంది. గంటసేపు ఫోన్ ముట్టుకోకండి" అన్నాడు.

స్టార్, రెండంకెలు, మళ్లీ స్టార్, తర్వాత పొడవాటి అంకెల వరస, చివర హాష్. వదిన అలవాటుగా రేకు తలుపు మీద రాసుకుంది. కొట్టింది. తెర మీద ఏదో పని పూర్తయిందని ఇంగ్లీషులో వచ్చింది. నంబరు నిలబడిందని వదిన తేలిగ్గా ఊపిరి పీల్చుకుందట. ఆ ముక్క తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

ఎండాకాలం పొద్దున్నపూట మా వదిన ఫోను ఊపిరి తీసుకోదు. ఆ రోజు ఉన్నట్టుండి నిశ్శబ్దం. మెసేజులు మాత్రం టింగు టింగుమని వస్తున్నాయి. 'మీ వాట్సాప్ కోడ్ ఇది, ఎవరికీ చెప్పవద్దు' అని ఒకటి, కాసేపటికి ఇంకొకటి. అడగని కోడ్ ఎందుకొస్తోందో ఆవిడకు అర్థం కాలేదు.

ఈలోగా వీధిలో నా బండికి అడ్డంగా మేడ మీది మాస్టారు నిలబడ్డాడు. అగ్గి మీద గుగ్గిలంలా ఉన్నాడు.

"ఏమయ్యా, మీ వదిన ఫోన్‌లో ఎవడయ్యా వాడు? నీళ్లు ఎప్పుడొస్తాయంటే 'ఏ నీళ్లు, పెట్టెయ్' అంటాడేంటి?"

"మా వదిన ఫోన్‌లో మగాడేంటి మాస్టారూ?"

"నన్నడుగుతావేం? కొట్టి చూడు!"

కొట్టాను. ఎత్తింది మగగొంతే. "హలో, కోడ్ చెప్పండి" అన్నాడు తొందరగా. "ఎవడ్రా నువ్వు?" అన్నాను. ఒక బూతు తిట్టి పెట్టేశాడు. లోడు అక్కడే పోసేసి బండి షెడ్డు వైపు తిప్పాను. వదినను ఎక్కించుకుని నేరుగా బజారులో రీచార్జి షాపు బాబాయి దగ్గరకు తీసుకుపోయాను. బాబాయి అంటే చుట్టరికమేం లేదు. ఊళ్లో ఫోను రోగాలన్నిటికీ ఆయనే డాక్టరు.

వదిన జరిగింది చెప్పింది. తలుపు మీది కోడ్‌ను ఫొటో తీసుకొచ్చాను, చూపించాను. ఆయన తల పట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఇది వెరిఫికేషనూ కాదు, తద్దినమూ కాదు. కాల్స్ మళ్లించే కోడ్. నీకొచ్చే ఫోన్లన్నీ ఇప్పుడు వాడికి పోతాయి. ఈ మధ్యలో ఉన్న అంకెలున్నాయే, అదే వాడి నంబరు. నీ వాట్సాప్ వాడి ఫోన్లో తెరవాలంటే కోడ్ కావాలి. మెసేజులో వచ్చే కోడ్ నీ దగ్గరకే వస్తుంది, అది వాడికి అందదు. అందుకని కోడ్‌ను ఫోన్ చేసి చెప్పమని అడుగుతాడు. ఆ ఫోన్ వాడికి పోతుంది. ఇక నీ పేరుతో నీ వాళ్లందర్నీ డబ్బులడుగుతాడు."

"తెరిచాడా?" అంది వదిన.

బాబాయి ఆవిడ ఫోన్ తిరగేసి చూశాడు. "లేదు. నీ దగ్గరే ఉంది." మళ్లీ చూసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. "ఎలా తెరుస్తాడమ్మా! కోడ్ చెప్పే ఫోన్ వాడికి తగిలితే కదా! ఊరంతా నీళ్ల కోసం వాడి లైన్లోనే ఉంది. ఏ నంబరు నుంచి కోడ్ వస్తుందో వాడికి తెలియదు కాబట్టి మోగిన ప్రతిదీ ఎత్తి తీరాలి. ఎత్తితే మేడ మీది మాస్టారు!"

నేను పగలబడి నవ్వాను. వదిన నవ్వలేదు. బాబాయి చకచకా వాట్సాప్‌కు రహస్య పిన్ పెట్టించాడు. తన ఫోన్ నుంచి బ్యాంకుకు మాట్లాడించి ఆవిడ ఖాతాలోంచి డబ్బు కదలకుండా ఆపించాడు. తర్వాత, "హాష్ హాష్ సున్నా సున్నా రెండు హాష్. ఇది కొట్టి కాల్ నొక్కు. మళ్లింపులన్నీ ఎగిరిపోతాయి, పీడ విరగడవుతుంది" అన్నాడు.

వదిన అంకెలు కొట్టింది. కాల్ నొక్కబోయి ఆగింది.

"బాబాయ్, వాడు ఫోన్ ఆపేసుకోవచ్చుగా?"

"ఎలా ఆపుకుంటాడు? ఇవాళ నీలాంటివాళ్లు ఎంతమంది ఆ నంబరుకు మళ్లించారో! ఆపితే వాడి వల మొత్తం తెగిపోతుంది."

వదిన కొట్టిన అంకెలు ఒక్కొక్కటే చెరిపేసింది. ఆవిడ ముఖం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అన్నయ్య పోయిన రోజున కూడా చూడలేదు.

"నా నంబరు కావాలన్నాడుగా, ఉంచుకోనీ. నా మొగుడి పేరు పలికించి, ఏడిపించి, ఓదార్చాడయ్యా వాడు. ఓదార్చాడు! ఇవాళ వాడికి మూడు చెరువుల నీళ్లు తాగిస్తాను. మరిదీ, బండి తియ్యి."

బాబాయి వద్దన్నాడు. "అవసరమైన ఫోన్లు కూడా వాడికే పోతాయమ్మాయ్" అన్నాడు.

"నాకు అవసరమైన ఫోను ఒక్క డయాలసిస్ వాళ్లదే. పొద్దున్నే పోశాం. సాయంత్రం దాకా వాళ్లకు బెంగ లేదు" అంది వదిన.

ఇక చూడండి మా ఊరేగింపు! వీధి వీధికీ ట్యాంకర్ తీసుకెళ్లాను. బిందెలు పట్టుకుని జనం చుట్టుముడితే వదిన కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్కటే మాట. "ఇక్కడ ఆర్డర్లు తీసుకోను. ఫోన్‌కే కొట్టండి. ఎవడో మగాడు ఎత్తుతాడు, వాడే ఇవాళ మన గుమస్తా. నీళ్లు లేవంటాడు, నమ్మకండి. ఎత్తేదాకా కొట్టండి, ఒప్పుకునేదాకా వదలకండి!"

మా ఊరి జనానికి అంతకన్నా ఏం కావాలి? కుళాయి రాక కడుపు మండి ఉన్నారు, తిట్టడానికి ఒక మనిషి దొరికాడు. ఒకావిడ చంటిపిల్లను చంకనేసుకుని, ఫోన్ చెవిలో పెట్టుకుని, వాడి ఏడు తరాలనూ పలకరించింది. మాస్టారు వాడికి మునిసిపాలిటీ మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఒకాయన స్పీకర్ పెట్టి మాకు వినిపించాడు. "నేను నీళ్లవాణ్ని కాదండీ బాబూ!" అని వాడు గోల పెడుతుంటే, "మరి నీళ్లవాడి ఫోన్ నీకెందుకురా?" అని ఈయన. ఆ గొంతులో ఏడుపు వింటుంటే ఎంత హాయిగా ఉందనుకున్నారు! నాకు కసి తీరలేదు. ఇంకా, ఇంకా అనిపించింది.

అప్పుడు వదినకు వాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఫోన్ చేద్దామంటే వదిన నంబరుకు కొట్టింది తిరిగి వాడికే పోతుంది మరి. 'వెంటనే మళ్లింపు తీసెయ్. లేకపోతే చచ్చినోడి సిమ్ వాడుతున్నావని నేనే కంప్లైంట్ ఇస్తా. నీ నంబరు పోతుంది చూసుకో.'

వదిన అది నాకు చదివి వినిపించింది. "తీసేద్దామా వదినా?" అన్నాను.

"పద, వెనకవీధి మిగిలింది" అంది.

వెనకవీధి అయ్యింది, బజారు అయ్యింది. బోరు దగ్గర మళ్లీ నింపుకుని రోడ్డెక్కుతున్నాం. ఇంకో మెసేజ్. మళ్లీ బెదిరింపేనని నేను ముందే నవ్వాను. వదిన చదివి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

'నీళ్లావిడా, డయాలసిస్ సెంటర్ నుంచి ఎవరో చాలాసార్లు కొడుతున్నారు. ట్యాంకు పైపు ఊడి నీళ్లన్నీ పోయాయట. మనుషుల్ని మధ్యలో మిషన్ల మీంచి తీసేస్తున్నారట. నిజమైతే పంపు.'

వదిన అంకెలు కొట్టింది. హాష్ హాష్ సున్నా సున్నా రెండు హాష్. కాల్ నొక్కింది. మరుక్షణం ఫోన్ మోగింది. ఎత్తగానే నర్సు గొంతు, "అక్కా, ఎక్కడున్నావక్కా?"

నేను హారన్ మీద చెయ్యి తియ్యకుండా నడిపాను.

సెంటర్ వెనక పైపును ప్లంబరు అప్పటికే బిగించాడు. మోటారు తోడిన నీళ్లన్నీ పొద్దుటి నుంచి మేడ మీంచి గోడ వెంట కాలవలోకి పోయాయి, సంపు అడుగు కనిపిస్తోంది. వదిన నాకంటే ముందు దిగి గొట్టం లాగి సంపులో పెట్టింది. నీళ్లు పడుతుంటే నర్సు వచ్చింది. మిషన్లు అలారం కొట్టగానే అందరి రక్తం ఒంట్లోకి తిరిగి ఎక్కించేసి ఆపేశారట. ఎవరికీ ప్రమాదం లేదు, కానీ సగం సగమే అయ్యింది. మళ్లీ మొదలుపెట్టాలి.

"మీ ఫోన్లో ఎవడక్కా వాడు? ముందు తిట్టి పెట్టేశాడు. మళ్లీ కొట్టాను, మళ్లీ తిట్టాడు. ఏడుస్తూ చెబితే అప్పుడు విన్నాడు. 'నీళ్లు లేకపోతే వాళ్లకేమవుతుంది' అని అడిగాడు."

వదిన కిటికీలోంచి లోపలికి చూసింది. చేతికి పట్టీ కట్టుకుని కుర్చీలో వాలిన ఒక పెద్దాయన ఈవిణ్ని చూసి, "నీళ్లొచ్చాయా తల్లీ?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు.

"వచ్చాయి పెద్దాయనా" అంది వదిన. అని, ట్యాంకర్ చాటుకు వెళ్లి ఏడ్చింది. "నా కసి కోసం వీళ్ల నీళ్లు ఆపానయ్యా. పైపు ఊడిందంటే ఊడుతుంది. నా ఫోన్ మోగి ఉంటే అలారం కొట్టకముందే వచ్చేవాళ్లం."

"వాడు చేసిన పనికి నువ్వెందుకు ఏడవడం?"

"అందుకు కాదు. ఆఖరికి కబురు చెప్పింది కూడా వాడే! ఆ మేలు వాడికెందుకు దొరకాలి?" అని చెంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. నాకూ అక్కడే మండుతోంది. వాణ్ని నిండుగా అసహ్యించుకునే సుఖం కూడా మాకు మిగల్చలేదు, దరిద్రుడు.

సంపు నిండింది. మిషన్లు మళ్లీ మొదలయ్యాయని నర్సు చెప్పేదాకా వదిన కదల్లేదు. బండెక్కాక నెమ్మదిగా అడిగాను.

"వదినా, పోనీ వదిలేద్దామా? ఆ మెసేజ్ పెట్టాడు కదా. పైగా స్టేషన్‌కు వెళ్తే సిమ్ సంగతి బయటపడుతుంది."

ఆవిడ ఫోన్ తీసి వాడికి మెసేజ్ కొట్టింది. నాకు చూపించి మరీ పంపింది. 'నీళ్లు చేరాయి. స్టేషన్‌కు వెళ్తున్నాను.'

స్టేషన్లో ఇలాంటి మోసాలు చూసే ఆఫీసరమ్మ ఓపిగ్గా రాసుకుంది. వాడి నంబరు, మెసేజులు, కోడ్ ఫొటో అన్నీ తీసుకుంది. తర్వాత అడగనే అడిగింది. "సిమ్ ఎవరి పేరు మీద ఉందమ్మా?"

వదిన ఫోన్ బల్ల మీద పెట్టేసింది. "చచ్చిపోయిన మా ఆయన పేరు మీద. తప్పయితే తీసేసుకోండి. ముందు వాడి సంగతి తేల్చండి."

ఆఫీసరమ్మ ఫోన్ తిరిగి ఆవిడ ముందుకే జరిపింది. "ఎవరు తీసుకుంటారమ్మా? మరణ ధ్రువపత్రం, మీ గుర్తింపు కార్డు పట్టుకుని కంపెనీ సెంటర్‌కు వెళ్లండి. మీ పేరు మీదకు మార్చేస్తారు. నంబరు అదే ఉంటుంది."

"అంతేనా?"

"అంతే."

వదిన బయటకొచ్చి మెట్ల మీద కూలబడింది. ఇన్నేళ్లు గోడలకు చెవులుంటాయని నా నోరు మూయించిన మనిషి. "అంతేనటయ్యా" అంది. "ఇంత తేలికైన దాన్ని పట్టుకుని వణికాను చూడు, దాని మీదే కొట్టాడు వాడు." ఆ మాటతో ఆవిడ కోపం ఇంకో మెట్టెక్కింది, తగ్గలేదు.

నంబరు ఇప్పుడు వదిన పేరు మీద ఉంది. డయాలసిస్ సెంటర్‌కు నా నంబరు కూడా ఇచ్చింది, వాళ్లొక్కరికే. వాడు ఇంకా దొరకలేదు. స్టేషన్‌కు వెళ్లిన ప్రతిసారీ 'చూస్తున్నామమ్మా' అంటారు. ఆవిడ 'చూడండి, మళ్లీ వస్తాను' అని వస్తుంది.

మొన్న షెడ్డు తలుపు మొత్తం తుడుస్తుంటే, స్టార్లతో, హాష్‌తో ఉన్న ఆ వరస దగ్గర గుడ్డ ఆపింది. సుద్ద వెలిసిపోతోంది. సుద్దముక్క తీసుకుని, ఒక్కో అంకె మీద మళ్లీ దిద్దింది.

"అదింకా ఎందుకు వదినా? తుడిచెయ్యరాదూ?" అన్నాను.

"చేరిందా?" అంది.

"లేదు."

"మరి?" అని సుద్ద చేతులు దులుపుకుని, మోగుతున్న ఫోన్ ఎత్తింది.